ఒకే సీఓడీ, వేర్వేరు బీఓడీలు: వడ్లు నానిన నీళ్లు, రంగు నీళ్లు

ఉత్తర తెలంగాణలో యాసంగి వడ్లు మిల్లులకు చేరే రోజుల్లో బాయిల్డ్ రైస్ మిల్లు పక్క నుంచి వెళ్తే ముందు వాసనే తెలుస్తుంది. పులిసిన కుడితి వాసన అది. ఎండలకు పండిన వడ్లను నేరుగా మర పట్టిస్తే నూక ఎక్కువ పడుతుంది కాబట్టి వాటిని ముందు వేడినీళ్లలో గంటల తరబడి నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. నానిన వడ్ల నుంచి చక్కెరలు, పిండి, కొంత ప్రోటీన్ నీటిలోకి దిగుతాయి. లేత పసుపు రంగులో ఉండే ఆ నీళ్లు ఒక సీసాలో ఉన్నాయనుకుందాం. రెండో సీసాలో జంపఖానాల నూలుకు రంగు అద్దిన నీళ్లు ఉన్నాయి. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలకు నూలును ముందే రంగు తొట్టిలో ముంచి తీస్తారు, ఆ తొట్టిలో చివరికి మిగిలేది ముదురు నీలం నీరు.

ఈ రెండు సీసాలనూ ల్యాబ్‌లో పరీక్షిస్తే రెండింటి సీఓడీ, అంటే మురికిని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు 1200 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. ఇక్కడి నుంచి వచ్చే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే తప్ప ఏ మిల్లువీ, ఏ అద్దకం షెడ్డువీ కావు. సీఓడీ సమానంగా వచ్చింది కదా అని రెండు నీళ్లూ ఒకటేనని రాస్తే తప్పు. బీఓడీ, అంటే మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్‌ను కొలిచే పరీక్ష, చేసి రంగు నీటికి 33 వచ్చింది, కాబట్టి అది దాదాపు శుభ్రంగా ఉందని రాస్తే ఇంకా పెద్ద తప్పు. ఆ 33 ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎందుకు నమ్మకూడదో తెలిస్తే ఈ రెండు పరీక్షల పని తీరు మొత్తం తెలిసినట్టే.

రెండూ కొలిచేది ఆక్సిజన్‌నే

బీఓడీ గానీ సీఓడీ గానీ నీటిలో ఎంత మురికి ఉందో తూచి చెప్పవు. ఆ మురికిని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో మాత్రమే చెబుతాయి. తేడా ఎవరు ఖర్చు పెడతారన్న దగ్గర ఉంది. బీఓడీలో ఆ పని సూక్ష్మజీవులది. నీటిని చీకట్లో, నిర్ణీత వేడిలో కొన్ని రోజులు మూసి ఉంచితే వాటికి నచ్చినది తింటాయి, తినడానికి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. సీఓడీలో జీవులు లేవు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం డైక్రోమేట్ వేసి 150 డిగ్రీల దగ్గర 2 గంటలు మరిగిస్తే, చక్కెర, నూలు పోగు, రంగు అణువు అన్న తేడా లేకుండా దొరికిన సేంద్రియ పదార్థాన్ని దాదాపు అంతా ఆక్సీకరిస్తుంది.

కాబట్టి మామూలుగా బీఓడీ ఎప్పుడూ సీఓడీ కన్నా తక్కువే ఉండాలి. జీవులు తినగలిగిందంతా డైక్రోమేట్‌కూ లొంగుతుంది, జీవులు 3 రోజుల్లో ముట్టని ఊక ముక్కలు, నూలు నలకలు కూడా దానికి లొంగుతాయి. ఏ నమూనాలోనైనా బీఓడీ ఎక్కువగా వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని ముందు అనుమానించాలి. ఒక్క మినహాయింపు తరచుగా కనిపిస్తుంది. శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందే ఉంటుంది. అది తినేటప్పుడు కూడా ఆక్సిజన్ ఖర్చవుతుంది. డైక్రోమేట్ మాత్రం అమ్మోనియా జోలికి పోదు. అలాంటి నీటికి అల్లైల్‌థయోయూరియా కలిపి ఆ బ్యాక్టీరియాను ఆపి పరీక్షించాలి.

నమూనా తెచ్చేటప్పుడే ఈ తేడా గుర్తుంచుకోవాలి. సీఓడీకి తెచ్చే సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కన్నా తగ్గిస్తారు, అందులో జీవులు చస్తాయి, నీరు మారకుండా ఉంటుంది. బీఓడీకి ఆ జీవులే కావాలి. కాబట్టి సీసాలు రెండు ఉండాలి, బీఓడీ సీసాలో ఆమ్లం పడకూడదు, ఐస్ పెట్టెలో రావాలి, అదే రోజు పరీక్ష మొదలవ్వాలి. మే నెల ఎండలో మిల్లు దగ్గర నుంచి బైక్ మీద బ్యాగులో పెట్టుకొని వచ్చిన నీళ్లలో సగం పని దారిలోనే జరిగిపోతుంది.

సీఓడీ: ఒక మధ్యాహ్నం పని

రెండు నమూనాలనూ ఒకటికి రెండింతలు పలచన చేద్దాం, అంటే 50 మి.లీ. నమూనాను 100 మి.లీ.కి నింపుదాం. రిఫ్లక్స్ ఫ్లాస్కులో ఆ పలచన నీరు 20 మి.లీ., దానికి 0.4 గ్రాముల మెర్క్యురిక్ సల్ఫేట్, 0.25 నార్మల్ డైక్రోమేట్ 10 మి.లీ., సిల్వర్ సల్ఫేట్ కరిగించిన సల్ఫ్యూరిక్ ఆమ్లం 30 మి.లీ. ఆమ్లాన్ని ఫ్లాస్కును తిప్పుతూ మెల్లగా పోయాలి. నమూనాకు బదులు స్వేదనజలం పోసిన బ్లాంక్ కూడా పక్కనే ఉడకాలి. 2 గంటలయ్యాక చల్లార్చి, నీళ్లు కలిపి, మిగిలిపోయిన డైక్రోమేట్‌ను 0.1 నార్మల్ ఫెర్రస్ అమోనియం సల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తారు. ఫెర్రోయిన్ చుక్కలు వేశాక రంగు నీలి ఆకుపచ్చ నుంచి ఒక్కసారిగా ఎర్రటి గోధుమ రంగుకు మారుతుంది.

```
COD = (A − B) × N × 8000 / V
```

ఇక్కడ A బ్లాంక్‌కు పట్టిన మి.లీ., B నమూనాకు పట్టినవి, N టైట్రెంట్ నార్మాలిటీ, V ఫ్లాస్కులో పోసిన నమూనా. 8 అనేది ఆక్సిజన్ తుల్యభారం, దాన్ని లీటరు లెక్కకు తేవడానికి 1000తో గుణిస్తే 8000. బ్లాంక్‌కు 24.8, నమూనాకు 9.8 పట్టిందంటే తేడా 15.0. దాన్ని 0.1తో, 8000తో గుణించి 20తో భాగిస్తే 600. నీటిని రెండింతలు పలచన చేశాం కాబట్టి అసలు విలువ 1200.

ఉడుకుతున్నప్పుడే ఫ్లాస్కు ఆకుపచ్చగా మారితే డైక్రోమేట్ అయిపోయిందని అర్థం. అప్పుడు వచ్చే అంకె పనికిరాదు, ఇంకా పలచన చేసి మళ్లీ మొదలుపెట్టాలి. పద్ధతి మొత్తం సరిగా నడుస్తోందా అన్నది చూడడానికి పొటాషియం హైడ్రోజన్ థాలేట్ ఉంది. లీటరుకు 425 మిల్లీగ్రాములు కరిగిస్తే సీఓడీ 500 రావాలి. రాకపోతే తప్పు నమూనాలో లేదు, బల్ల మీదే ఉంది.

రంగు నీటి విషయంలో ఒక ఉచ్చు ఉంది. రంగు నూలుకు పట్టడానికి తొట్టిలో ఉప్పు వేసే అద్దకాలు చాలా ఉన్నాయి. ఉప్పులోని క్లోరైడ్‌ను కూడా డైక్రోమేట్ ఆక్సీకరిస్తుంది, ఒక్కో మిల్లీగ్రాము క్లోరైడ్‌కు 0.226 మిల్లీగ్రాముల ఆక్సిజన్ లెక్కలో పడుతుంది. నీటిలో లీటరుకు 1500 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటే ఉత్తుత్తి సీఓడీ 339 దాకా వచ్చి కలుస్తుంది, 1200 ఉండాల్సింది 1500 దాటుతుంది. మెర్క్యురిక్ సల్ఫేట్ వేసేది క్లోరైడ్‌ను పట్టి ఉంచడానికే. దాని బరువు క్లోరైడ్ బరువుకు పది రెట్లు ఉండాలి. 20 మి.లీ. నమూనాలో వేసిన 0.4 గ్రాములు లీటరుకు 2000 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకా ఆపగలవు. అందుకే రంగు నీటికి సీఓడీ కన్నా ముందు క్లోరైడ్ చూడడం మంచిది, అది పది నిమిషాల పని. పాదరసం, క్రోమియం, వెండి అన్నీ కలిసిన ఆ ఫ్లాస్కు వ్యర్థాన్ని సింకులో పారబోయకూడదు, వేరే డబ్బాలో దాచి ప్రమాదకర వ్యర్థాలకు పంపాలి. మురుగును పరీక్షిస్తూ మురుగులోకి పాదరసం వదలడం ఏ రకంగానూ సమర్థించలేని పని.

బీఓడీ: సీసాలో పట్టేది కొంచెమే

బీఓడీ కష్టం వేరు. సీసాలో 300 మి.లీ. నీరు పడుతుంది, అందులో కరిగే ఆక్సిజన్ చాలా తక్కువ. 27 డిగ్రీల దగ్గర సముద్ర మట్టంలో అయితే లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాములు. వరంగల్ సముద్ర మట్టం కన్నా 250 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 7.7కు అటూఇటూ. 3 రోజుల తర్వాత కనీసం 1 మిగలాలి, కనీసం 2 ఖర్చవ్వాలి, అప్పుడే ఆ సీసాను లెక్కలోకి తీసుకుంటారు. అంటే జీవుల చేతికి ఇవ్వగలిగిన ఖర్చు 2 నుంచి ఆరున్నర దాకా మాత్రమే. 600 బీఓడీ ఉన్న నీటిని ఇంత చిన్న సంచిలో పట్టించాలంటే బాగా పలచన చేయక తప్పదు.

మన దేశంలో ఈ పరీక్ష 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చేస్తారు. పాత పుస్తకాల్లో కనిపించే 5 రోజులు బ్రిటన్ రాయల్ కమిషన్ 1912లో ఖరారు చేసిన పద్ధతి నుంచి వచ్చింది, అది చల్లటి దేశపు లెక్క. ఇప్పుడు 5 రోజుల పరీక్షను 20 డిగ్రీల దగ్గర చేస్తారు. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే జీవుల పని 4.7 శాతం వేగం పుంజుకుంటుందని తీసుకుంటే, 7 డిగ్రీలకు 1.38 రెట్లవుతుంది. 27 దగ్గర 3 రోజులంటే 20 దగ్గర 4 రోజుల పైచిలుకు పనన్నమాట. రెండు విలువలూ దగ్గరగా వస్తాయి కానీ ఒకటి కావు, రికార్డులో ఏది చేశారో రాయాల్సిందే. గురువారం సీసాలు పెడితే ఆదివారం టైట్రేట్ చేయాల్సి వస్తుందన్న చిన్న విషయం కూడా ముందే చూసుకోవాలి. సోమవారానికి వాయిదా పడిన సీసా 4 రోజుల సీసా.

పలచన చేయడానికి వాడే నీటిలో ఫాస్ఫేట్ బఫర్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాలు లీటరుకు ఒక్కో మి.లీ. కలిపి, గాలి బాగా పట్టిస్తారు. జీవుల కోసం సీడ్ వేస్తారు. ఇళ్ల మురుగు తేర్చిన నీరే సీడ్. హన్మకొండ నయీంనగర్ నాలా లాంటి మురుగు కాలువ నుంచి తెచ్చి, ఒక రోజు తేరనిచ్చి, పైనీటిని వాడవచ్చు. ఆ సీడ్ తన మటుకు తాను కూడా కొంత ఆక్సిజన్ తాగుతుంది, దాన్ని విడిగా సీడ్ సీసాల్లో కొలిచి తీసేయాలి. మన లెక్కలో అది సీసాకు 0.7 అనుకుందాం. పలచన చేసిన నీటి మొదటి ఆక్సిజన్ 7.6 అనుకుందాం.

ఎంత పలచన చేయాలన్నది ఊహించి కాకుండా సీఓడీ చూసి నిర్ణయించాలి. తిండి పదార్థాల నీటికి బీఓడీ సీఓడీలో సగం దాకా ఉండవచ్చు. వడ్లు నానిన నీటి సీఓడీ 1200 కాబట్టి బీఓడీ 600 దగ్గర ఉండవచ్చని మొదలుపెడదాం. సీసాలో 4 మిల్లీగ్రాములు ఖర్చవ్వాలంటే 4ను 600తో భాగించాలి, 300 మి.లీ.కి 2 మి.లీ. నమూనా వస్తుంది. దానికి అటు ఒకటి, ఇటు ఒకటి పెట్టి 1, 2, 4 మి.లీ. తీసుకుందాం. ఇంత చిన్న కొలతలు నేరుగా పిప్పెట్‌తో తీస్తే తప్పు పెరుగుతుంది. నమూనాను ముందు పదింతలు పలచన చేసి 10, 20, 40 మి.లీ. పోయడం మంచిది. ఒక్కో పలచనకు రెండు సీసాలు కావాలి, ఒకటి ఈ రోజు టైట్రేట్ చేయడానికి, ఒకటి ఇంక్యుబేటర్‌లోకి. ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి సీసాలోని నీటిని మళ్లీ వాడుకోనివ్వదు.

3 రోజుల తర్వాత 1 మి.లీ. సీసాలో 4.9 మిగిలింది. 7.6 నుంచి 4.9 తీసి, సీడ్ 0.7 తీస్తే 2.0. దాన్ని 300తో గుణిస్తే బీఓడీ 600. 2 మి.లీ. సీసాలో 3.0 మిగిలింది, నికర ఖర్చు 3.9, దాన్ని 150తో గుణిస్తే 585. 4 మి.లీ. సీసాలో ఆక్సిజన్ సున్నా. లెక్క కట్టితే 517 వస్తుంది గానీ అది బీఓడీ కాదు, సంచి ఖాళీ అయిపోయిందన్న కబురు. మొదటి రెండూ నియమానికి నిలిచాయి, దగ్గరగా ఉన్నాయి, సగటు తీసుకోవచ్చు. 600కూ 585కూ ఉన్న తేడా చూసి టెన్షన్ పడక్కర్లేదు. వింక్లర్‌లో 200 మి.లీ. నీటికి 0.025 నార్మల్ థయోసల్ఫేట్ ఒక మి.లీ. పడితే ఆక్సిజన్ 1. బ్యూరెట్‌లో ఒక్క గీత, అంటే 0.1 మి.లీ. తేడా వస్తే 150తో గుణించాక అది 15 అవుతుంది. ఆ తేడా ఒక గీత తేడాయే.

రంగు నీటి సీసాలు

రంగు నీటికి కాస్టిక్ వల్ల పీహెచ్ ఎక్కువ ఉంటుంది, ముందు దాన్ని 7 దగ్గరికి తేవాలి. బీఓడీ తక్కువ ఉంటుందన్న అంచనాతో 20, 10, 5, 2 మి.లీ. తీసుకుని అదే సీడ్‌తో పెడితే ఇలా వచ్చిందనుకుందాం. అన్నింటిలో మొదటి ఆక్సిజన్ 7.6, సీడ్ దిద్దుబాటు 0.7.

| సీసాలో నమూనా (మి.లీ.) | 3 రోజుల తర్వాత ఆక్సిజన్ | నికర ఖర్చు | లెక్క కట్టిన బీఓడీ |
|---|---|---|---|
| 20 | 4.7 | 2.2 | 33 |
| 10 | 4.1 | 2.8 | 84 |
| 5 | 3.9 | 3.0 | 180 |
| 2 | 4.9 | 2.0 | 300 |

ఈ పట్టికను కాసేపు నిదానంగా చూడాలి. నాలుగు సీసాల్లోనూ ఖర్చు 2 దాటింది, నాలుగింటిలోనూ 1 కన్నా చాలా ఎక్కువ మిగిలింది. నియమం ప్రకారం నాలుగూ పాసే. అయినా ఒకే నీటికి 33, 84, 180, 300. ఒక్క సీసాయే పెట్టి ఉంటే, అదీ 20 మి.లీ.ది అయి ఉంటే, రికార్డులో 33 చేరేది. వాగులు, చెరువుల్లోకి వదిలే నీటికి దేశంలో ఉన్న సాధారణ హద్దు బీఓడీ 30, సీఓడీ 250. 33 చూసినవాళ్లు కాస్త దాటిందంతే అనుకుంటారు. నాలుగు సీసాలు పెట్టి సగటు తీస్తే 149 వస్తుంది, దానికీ అర్థం లేదు. ఒకే దిశగా నడుస్తున్న అంకెలకు సగటు తీయడం ఆ నడకను దాచేయడమే.

వడ్ల నీటిలోనూ నమూనా ఎక్కువైన సీసాలో బీఓడీ తగ్గింది, రంగు నీటిలోనూ తగ్గింది. రెండింటికీ కారణాలు మాత్రం పూర్తిగా వేరు, ఆ తేడా మిగిలిన ఆక్సిజన్ చెబుతుంది. వడ్ల నీటి 4 మి.లీ. సీసాలో ఆక్సిజన్ అయిపోయింది, తిండి ఇంకా ఉంది. రంగు నీటి 20 మి.లీ. సీసాలో ఆక్సిజన్ 4.7 మిగిలే ఉంది, తిండీ ఉంది, తినేవాళ్లే పని చేయలేదు. 2 మి.లీ. సీసాతో పోలిస్తే తిండి పది రెట్లు ఎక్కువ ఉన్నా తిన్నది దాదాపు అంతే. ఉప్పు, తడిపే సబ్బులు, కొన్ని రంగుల్లో ఉండే రాగి, క్రోమియం లాంటి లోహాలు, రంగు అణువు కూడా కలిసి జీవులను అణచిపెట్టాయి. నీటిని పలచన చేసేకొద్దీ విషమూ పలచనైంది, జీవులు లేచి తినడం మొదలుపెట్టాయి. పలచన పెరిగేకొద్దీ బీఓడీ పెరుగుతూ పోవడం విషానికి గుర్తు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. సీడే చచ్చిన సీడ్ అయి ఉండవచ్చు కదా? వడ్ల నీటికి అదే సీడ్ బాగా పని చేసింది కాబట్టి ఈ ఉదాహరణలో ఆ అనుమానం తీరింది. ఆ పోలిక లేని రోజున గ్లూకోజ్, గ్లుటామిక్ ఆమ్లం లీటరుకు 150 మిల్లీగ్రాముల చొప్పున కలిపిన ద్రావణానికి ఒక సీసా కేటాయించాలి. 20 డిగ్రీల 5 రోజుల పద్ధతిలో దాని బీఓడీ 198 రావాలి, 30.5 అటూఇటూ ఒప్పుకుంటారు. అది సరిగా వచ్చి రంగు నీరు మాత్రమే జారితే తప్పు సీడ్‌ది కాదు. ఇంకా గట్టిగా తేల్చాలంటే అదే గ్లూకోజ్ ద్రావణాన్ని రంగు నీటి సీసాలో కూడా కొంత కలిపి చూడాలి. ఒంటరిగా తిన్నంత అక్కడ తినకపోతే అనుమానానికి చోటుండదు.

హైడ్రోస్ చేసే మోసం

రంగు నీటిలో దీనికి సరిగ్గా ఎదురు దిశలో మోసం చేసేది ఒకటుంది. వ్యాట్ రంగులను కరిగించడానికి సోడియం హైడ్రోసల్ఫైట్ వాడతారు, అద్దకం వాళ్ల మాటలో హైడ్రోస్. అది ఆక్సిజన్‌ను చూస్తే ఆగదు, ఏ జీవి సాయమూ లేకుండా నిమిషాల్లో లాగేసుకుంటుంది. తొట్టి నుంచి అప్పుడే తీసిన నీటిలో అది మిగిలి ఉంటే, సీసా మూసిన పావుగంటలోనే ఆక్సిజన్ పడిపోతుంది. మొదటి ఆక్సిజన్‌గా పలచన నీటి 7.6ను రాసుకున్న విద్యార్థికి ఈ నష్టమంతా బీఓడీగా కనిపిస్తుంది. పైగా వింక్లర్ టైట్రేషన్‌లో పుట్టే అయోడిన్‌ను కూడా హైడ్రోస్ తినేస్తుంది కాబట్టి ఉన్న ఆక్సిజన్ కూడా తక్కువగా చూపుతుంది.

అందుకే మొదటి ఆక్సిజన్‌ను పలచన నీటిలో కాక నమూనా కలిపిన సీసాలోనే కొలవాలి. కలిపిన వెంటనే ఒకటి, 15 నిమిషాల తర్వాత ఇంకొకటి. రెండింటికీ తేడా స్పష్టంగా ఉంటే అది రసాయనం తాగిన ఆక్సిజన్, విడిగా రాయాలి. దానికి విరుగుడు తేలిక. నమూనాను వెడల్పాటి గిన్నెలో పోసి కాసేపు గాలి పట్టిస్తే హైడ్రోస్ ఆక్సీకరించి పోతుంది, ఆ తర్వాత బీఓడీ సీసాలు పెట్టాలి. గాలి పట్టించిన సంగతి మాత్రం రికార్డులో ఉండాలి. ఎందుకంటే అదే నీరు కాలువలో పడితే ముందు కాలువ ఆక్సిజన్‌ను లాగేది ఈ హైడ్రోసే.

ఏ అంకె రాయాలి

వడ్ల నీటికి పెద్దగా తర్జనభర్జన లేదు. సీఓడీ 1200, బీఓడీ 590 చిల్లర, నిష్పత్తి 0.49. జీవులకు ఇష్టమైన నీరు అది, సరైన తొట్టి, తగిన సమయం ఇస్తే సూక్ష్మజీవుల శుద్ధికి లొంగుతుంది. మిగతా సగంలో కొంత ఊక నలకలది, కొంత 3 రోజుల్లో తీరని తిండి. నమూనాను కదిపి పోస్తే నలకలు సీఓడీలోకి వస్తాయి, తేర్చి పోస్తే రావు. రెండు పరీక్షలకూ ఒకేలా పోయకపోతే నిష్పత్తికి విలువ ఉండదు.

రంగు నీటికి 33 తీసుకుంటే నిష్పత్తి 0.03, 300 తీసుకుంటే 0.25. మొదటిది నమ్మితే ఈ నీటిలో జీవులు తినేది ఏమీ లేదని అనుకుంటాం. రెండోది నమ్మితే నాలుగో వంతు తినేదే ఉంది, అడ్డుపడుతున్నది విషం అని తెలుస్తుంది. శుద్ధి గురించి తీసుకునే నిర్ణయం ఈ రెండింటిలో పూర్తిగా మారిపోతుంది. 300 కూడా ఆఖరి మాట కాకపోవచ్చు. ఇంకా పలచన చేసి 1 మి.లీ. సీసా పెడితే, 5.9 మిగిలిందనుకుందాం, నికర ఖర్చు 1.0, బీఓడీ మళ్లీ 300. ఇక్కడ మొత్తం ఖర్చు 1.7 మాత్రమే, 2 దాటలేదు, కాబట్టి నియమం ప్రకారం ఆ సీసాను ఫలితంగా రాయకూడదు. కానీ అంకె ఎక్కడం ఆగినట్టుందన్న సూచనగా పక్కన రాసుకోవచ్చు.

ఇలాంటి నీటికి అలవాటు పడిన సీడ్ వాడితే తేడా తెలుస్తుంది. అద్దకం షెడ్డు నీళ్లు ఎప్పుడూ పడే కాలువలో కొంచెం దిగువన, మురుగుతో కలిసి పారే చోట ఉన్న జీవులు ఆ రంగుకు కొంత అలవాటు పడి ఉంటాయి. అక్కడి నీటిని సీడ్‌గా తీసుకుని పెడితే 5 మి.లీ. సీసా కూడా 300 దగ్గరికి రావచ్చు. అప్పుడు రెండు పక్కపక్క సీసాలు ఒకే మాట చెప్పినట్టు, ఆ విలువను బీఓడీగా రాయవచ్చు. అప్పటికీ అంకెలు జారుతూనే ఉంటే ఒక్క అంకె రాసి ఊరుకోకూడదు. నాలుగు సీసాల అంకెలూ, వాడిన సీడ్ ఎక్కడిదీ రాసి, బీఓడీ కనీసం 300, పలచన పెరిగేకొద్దీ పెరుగుతోంది, నీటిలో విషగుణం ఉంది అని రాయాలి.

33 ఎందుకు ప్రమాదమో మురుగు కాలువ చూపిస్తుంది. 20 మి.లీ. రంగు నీటికి 280 మి.లీ. పలచన నీరు కలిసినప్పుడు జీవులు సరిగా లేవలేదు, 2 మి.లీ.కి 298 కలిసినప్పుడు లేచాయి. షెడ్డు నీరు మురుగుతో కలిసి, వాననీటితో కలిసి, చెరువులోకి వెళ్లేసరికి జరిగేది ఈ రెండో రకం పలచనే. ల్యాబ్ సీసాలో ఆక్సిజన్ ముట్టని నీరు చెరువు గట్టు దగ్గరకు వచ్చాక తన వంతు 300నూ అడుగుతుంది. కాలువ మొదట్లో ఆక్సిజన్ బాగానే ఉండి, కిలోమీటరు దిగువన పడిపోయిన చోట ముందుగా చూడాల్సింది పైన తీసిన నమూనాకు ఎన్ని పలచనలు పెట్టారన్నదే.